నెలకు ఐదొందలు మిగిలే స్టూడెంట్ మొదట ఎక్కడ పెట్టాలి: ఆర్‌డీ, చీటీ, లిక్విడ్ ఫండ్, ఇండెక్స్ ఫండ్ పోలిక

అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంటి నుంచి వచ్చేదాంట్లో నెలకు ఐదొందలో ఆరొందలో మిగులుతున్నాయి, దేంట్లో పెడితే ఎక్కువ వస్తుంది? నా జవాబు ఏంటంటే, ఈ వయసులో ఇంత చిన్న మొత్తానికి ఎంత వస్తుంది అన్నది రెండో ప్రశ్న. మొదట చూసుకోవాల్సింది, అవసరం పడిన రోజు ఆ డబ్బు చేతికి వస్తుందా, మధ్యలో తీస్తే ఎంత పోతుంది, ఒక నెల కట్టలేకపోతే ఏమవుతుంది అని. ఊరికే జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, లెక్క వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

నెలకు 500 చొప్పున రెండేళ్లు అంటే మీరు కట్టేది 12,000. ఏడాదికి 6.7 శాతం వచ్చే చోట కడితే చివరికి దాదాపు 12,870 అవుతుంది. 12 శాతం వచ్చే చోట కట్టగలిగితే, అదీ ప్రతి నెలా తప్పకుండా అంతే వస్తే, దాదాపు 13,620. రెండింటికీ తేడా రెండేళ్లకు కలిపి 750 రూపాయలు. ఇప్పుడు రెండో వైపు చూడండి. అదే డబ్బు షేర్ మార్కెట్‌లో ఉండి, సరిగ్గా మీకు కావాల్సిన నెలలోనే మార్కెట్ పాతిక శాతం పడితే పోయేది మూడు వేలు. అంటే రెండేళ్లలో వాడుకోవాల్సిన డబ్బును 750 ఎక్కువ వస్తుందేమో అన్న ఆశతో మూడు వేలు పోయే చోట పెడుతున్నట్టు. ఇదే డబ్బు పదేళ్లు ముట్టుకోకుండా ఉంచగలిగితే లెక్క పూర్తిగా మారిపోతుంది, కానీ థర్డ్ ఇయర్ చదివే పిల్లకు పదేళ్లు ముట్టుకోని డబ్బు ఎంత ఉంటుంది చెప్పండి. కొంచెం ఉంటుంది. ఆ కొంచెం ఎంత, మిగతాది ఎక్కడ అన్నదే ఈ ప్లాన్ అంతా.

అన్నింటినీ పైసల వడ్డీలోకి మార్చి చూడండి

యాప్ ఒకటి సీఏజీఆర్ అంటుంది, బ్యాంకు వార్షిక రేటు అంటుంది, చీటీ నడిపేవాళ్లు డివిడెండ్ అంటారు, ఇలా ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబితే పోల్చడం కష్టం. మన సీమ ఇళ్లలో అందరికీ నోటికి వచ్చిన కొలత ఒకటుంది కదా, నూటికి నెలకు ఎంత అని, దానితోనే కొలవండి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఏడాది రేటును 12తో భాగిస్తే సరిపోతుంది. నెలనెలా ఒకే మొత్తం కట్టే పోస్టాఫీసు ఆర్‌డీ 6.7 శాతం అంటే 56 పైసల వడ్డీ. పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతాకు వచ్చేది 3 శాతం లోపే, అంటే పాతిక పైసలు కూడా లేదు.

ఈ కొలత పెట్టుకుంటే మోసం కూడా ఇట్టే కనిపిస్తుంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకు ఒక శాతం గ్యారంటీ అని పోస్టులు వస్తుంటాయి, వినడానికి ఒక శాతమే కదా అనిపిస్తుంది. నెలకు లెక్కేస్తే అది నూటికి ముప్పై రూపాయల వడ్డీ. మీ నాన్న ఐదు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటేనే రాత్రంతా నిద్రపోడు, అలాంటిది మీకు ముప్పై రూపాయల వడ్డీ ఇచ్చి మిగుల్చుకునే వ్యాపారం ఏముంటుంది? ఉండదు. కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకు ఇస్తుంటారు, చేరేవాళ్లు తగ్గిన రోజు గ్రూపు మాయమవుతుంది.

ఇదే కొలతతో ఇంకో విషయం కూడా ముందే చూసుకోవాలి. మీ ఇంట్లో పంట పెట్టుబడికో అక్క పెళ్లికో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉందా? ఉంటే ఈ పోలికలో అన్నిటికంటే ముందు నిలబడేది అదే. ఆ అప్పులో 5,000 అసలు తీర్చితే నెలకు వంద రూపాయల వడ్డీ ఆగిపోతుంది, ఏ రిస్కూ లేకుండా, ఖాయంగా. షేర్లలో పెట్టే ఇండెక్స్ ఫండ్ గానీ ఆర్‌డీ గానీ దీని దరిదాపుల్లోకి రావు. అప్పిచ్చినాయన నెలకు ఐదొందలు అసలు కింద జమ చేసుకోమంటే ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి ఐదు వేలు పోగయ్యాక ఇంట్లో చెప్పి ఒకేసారి కట్టించండి. కట్టిన రోజే ప్రోనోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించుకోవాలి, ఫోన్‌పేలో పంపినా సరే రాయించుకోవాలి, లేకపోతే ఆ ఐదు వేలు వడ్డీ కిందకు పోయిందో అసలు కిందకు పోయిందో తర్వాత తేలదు.

ఇంట్లో అలాంటి అప్పు లేనివాళ్ల కోసం మిగతాది.

రెండేళ్ల లోపు కావాల్సిన డబ్బుకు నాలుగు దారులు

మొదట అందరికీ గుర్తొచ్చేది పోస్టాఫీసు ఆర్‌డీ. నెలకు 100 నుంచే కట్టొచ్చు, పూచీ ప్రభుత్వానిది, ఒక నెల తప్పితే నూటికి రూపాయి మాత్రమే జరిమానా. ఇంత మంచిదాన్ని స్టూడెంట్‌కు వద్దని ఎందుకంటున్నానంటే దాని కాలం ఐదేళ్లు. మూడేళ్లు నిండకుండా మూసేయడానికి లేదు. మూడేళ్ల తర్వాత మూస్తే 6.7 కాకుండా సేవింగ్స్ ఖాతా రేటు, అంటే 4 శాతమే లెక్క కడతారు. ఏడాది పాటు కట్టాక సగం దాకా లోన్ తీసుకునే వీలుంది గానీ, మన డబ్బు మీద మనమే వడ్డీ కట్టడం అవుతుంది. కాబట్టి డిగ్రీ ఫస్ట్ ఇయర్‌లో చేరి, తర్వాత పీజీ కూడా ఇక్కడే చేస్తానని గట్టిగా తెలిసినవాళ్లకు ఇది బాగుంటుంది. బీటెక్ థర్డ్ ఇయర్ వాళ్లకు పనికిరాదు, వాళ్లకు డబ్బు అవసరం పడేది సరిగ్గా రెండేళ్ల తర్వాత, కాలేజీ అయిపోయి బెంగళూరు బస్సు ఎక్కే నెలలో.

బ్యాంకు ఆర్‌డీలో ఆ ఇబ్బంది లేదు. ఏడాదికో పద్దెనిమిది నెలలకో రెండేళ్లకో, ఎంతకాలం కావాలో మీరే ఎంచుకోవచ్చు. వడ్డీ ఆరు శాతం అటూ ఇటూ, అంటే యాభై పైసలు. మధ్యలో మూసినా అసలు ఎక్కడికీ పోదు, ఉన్న కాలానికి వర్తించే రేటులో అర శాతమో ఒక శాతమో తగ్గించి ఇస్తారు. బ్యాంకు మునిగిపోయినా ఒక బ్యాంకులో ఒక మనిషికి ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది, మన ఐదొందల లెక్కకు అది చాలా ఎక్కువ. దీంట్లో ఉన్న చిక్కు ప్రతి నెలా ఒకే మొత్తం కట్టాల్సి రావడం. పరీక్ష ఫీజు కట్టే నెలలో, సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన నెలలో ఐదొందలు మిగలవు. అందుకే ఆర్‌డీ పెట్టేవాళ్లు మంచి నెలలో ఎంత కట్టగలరో చూడకుండా చెడ్డ నెలలో ఎంత కట్టగలరో చూసి ఆ మొత్తానికి మొదలుపెట్టాలి. మూడొందలకు పెట్టి ఇరవై నాలుగు నెలలూ కట్టడం, ఆరొందలకు పెట్టి ఆరో నెలలో ఆపేయడం కంటే మేలు.

మూడోది లిక్విడ్ ఫండ్. ఇది మ్యూచువల్ ఫండే, కానీ షేర్లు కొనదు. ప్రభుత్వానికి, బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు 91 రోజుల లోపు తిరిగి వచ్చే అప్పులు ఇస్తుంది, ఆ వడ్డీ మనకు చేరుతుంది. రాబడి ఆర్‌డీకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, రిజర్వ్ బ్యాంకు రేట్లు తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది. గ్యారంటీ అని ఎవరూ రాసివ్వరు, డిపాజిట్ బీమా కూడా ఉండదు, అది తెలిసే పెట్టాలి. అయినా స్టూడెంట్‌కు ఇది ఎందుకు నచ్చుతుందంటే, నూటితో మొదలుపెట్టే ఫండ్లు చాలా ఉన్నాయి, ఈ నెల రెండొందలు వచ్చే నెల ఎనిమిదొందలు పెట్టినా అడిగేవాళ్లు లేరు, వారం దాటాక ఎప్పుడు తీసినా కోత లేదు. మధ్యాహ్నం మూడు లోపు తీయమని చెబితే మామూలుగా మరుసటి పని రోజుకు ఖాతాలో పడుతుంది. కొన్ని ఫండ్లలో వెంటనే తీసుకునే సౌకర్యం కూడా ఉంది, రోజుకు 50,000 లేదా మీ మొత్తంలో 90 శాతం, ఏది తక్కువైతే అంత. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, శనివారం సాయంత్రం డబ్బు కావాల్సి వచ్చి, మీ ఫండ్‌లో ఈ సౌకర్యం లేకపోతే మంగళవారం దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఒక వెయ్యో రెండు వేలో సేవింగ్స్ ఖాతాలోనే ఉంచేయాలి, దాని మీద వడ్డీ రాలేదని బాధపడక్కర్లేదు.

ఇక చీటీ. అమ్మ చీటీ కడుతూ ఉంటుంది కాబట్టి నేను కూడా ఒకటి వేస్తే ఎలా ఉంటుందని అడిగేవాళ్లు చాలామంది, అందుకని దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై నెలలు, చీటీ మొత్తం 20,000 అనుకోండి. నిర్వాహకుల కమీషన్ 5 శాతం, అంటే వెయ్యి. చట్ట ప్రకారం ఇది 7 శాతం దాకా ఉండొచ్చు. ప్రతి నెలా పాటలో సగటున మూడు వేలు తగ్గించి పాడుతున్నారనుకుందాం. పాడుకున్నవాళ్లకు 17,000 వస్తుంది, తగ్గిన మూడు వేలలో కమీషన్ వెయ్యి పోను మిగిలిన రెండు వేలు ఇరవై మందికి తలా వంద. అంటే మీరు నెలకు 900 కట్టినట్టు. అవసరం పడక చివరి నెల దాకా ఉండి ఎత్తుకుంటే పందొమ్మిది నెలలు 900 చొప్పున, చివరి నెల పాట ఉండదు కాబట్టి వెయ్యి, మొత్తం 18,100 కట్టి 19,000 తీసుకుంటారు. మిగిలింది 900. ఆ డబ్బు చీటీలో సగటున తొమ్మిదిన్నర నెలలు ఉంది కాబట్టి వడ్డీ ఏడాదికి 6.3 శాతం, అంటే 52 పైసలు. బ్యాంకు ఆర్‌డీకి వచ్చేదీ అటూ ఇటూ అంతే. పాట గట్టిగా సాగే చీటీల్లో ఇంకొంచెం ఎక్కువ రావచ్చు, కానీ పాట గట్టిగా సాగుతోందంటే డబ్బుకు బాగా ఇబ్బందిపడేవాళ్లు ఎక్కువమంది ఉన్నారని అర్థం, వాళ్లు ఎత్తుకున్నాక కట్టకుండా ఆగిపోయే ప్రమాదం కూడా ఆ మేరకు పెరుగుతుంది.

చీటీ అసలు బలం మొదట్లోనో మధ్యలోనో పాడుకుని పెద్ద మొత్తం ఒకేసారి తీసుకోవడంలో ఉంది, బర్రె కొనడానికో కొట్టు పెట్టడానికో అది బాగా పనికొస్తుంది. దాచుకోవడానికి మాత్రమే వేసేవాళ్లకు ఆ బలం అక్కర్లేదు, రిస్క్ మాత్రం నెత్తిన ఉంటుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీ అయితే గొడవ వచ్చినప్పుడు వెళ్లడానికి చిట్స్ రిజిస్ట్రార్ ఉంటారు. హాస్టల్లో ఫ్రెండ్స్ కలిసి వేసుకునే చీటీకి అదేమీ ఉండదు. మూడో నెలలో ఎత్తుకున్నవాడు సెమిస్టర్ మధ్యలో కాలేజీ మానేస్తే మిగిలేది స్నేహం చెడటమే. స్టూడెంట్‌కు చీటీ వద్దనే చెబుతాను.

ఈ నాలుగింటిలో నా ఎంపిక, నెలనెలా ఒకే మొత్తం ఇంటి నుంచి కచ్చితంగా వచ్చేవాళ్లకు బ్యాంకు ఆర్‌డీ, వచ్చేది ఎగుడుదిగుడుగా ఉండేవాళ్లకు, ట్యూషన్లు చెప్పో పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి వెళ్లో సంపాదించేవాళ్లకు లిక్విడ్ ఫండ్. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని తెలిసినవాళ్లు మాత్రం రాబడి సంగతి పక్కనపెట్టి ఆర్‌డీకే వెళ్లండి, తీయడం కాస్త కష్టంగా ఉండటమే వాళ్లకు లాభం.

ముట్టుకోని డబ్బుకు ఇండెక్స్ ఫండ్, అదీ ఒక్కటే

చదువు అయ్యాక ఐదేళ్లు, పదేళ్లు ఉంచేయగలిగే చిన్న మొత్తానికి నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ ఒక్కటి చాలు. దేశంలోని యాభై పెద్ద కంపెనీల షేర్లను సూచీలో ఉన్న నిష్పత్తిలోనే కొనిపెడుతుంది, ఏ కంపెనీ మంచిదో మనమూ వాళ్లూ ఊహించాల్సిన పని లేదు. అందుకే దాని నిర్వహణ ఖర్చు తక్కువ. కొనేటప్పుడు స్క్రీన్ మీద `Direct Plan - Growth` అని ఉన్నదే తీసుకోండి. `Regular` అని ఉంటే మధ్యవర్తి కమీషన్ ఏటా మీ డబ్బులోంచే పోతూ ఉంటుంది. ఐదొందల మీద ఆ తేడా మీకు ఇప్పుడు కనపడదు, కానీ ఉద్యోగం వచ్చాక ఐదు వేలు పెట్టేది కూడా అలవాటు కొద్దీ అదే ఫండ్‌లో కాబట్టి మొదటి రోజే సరైనది ఎంచుకోవాలి.

ఇది ఎంత పడగలదో ముందే తెలుసుకుని దిగాలి. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది, రెండు నెలల్లో దాదాపు 38 శాతం పోయింది. అదే ఏడాది నవంబర్‌కు మళ్లీ పాత చోటికి వచ్చింది. 2008లో అలా జరగలేదు, జనవరిలో 6,200 పైన ఉన్నది అక్టోబర్‌కు 2,600 కిందకు జారి, మళ్లీ ఆ ఎత్తుకు రావడానికి 2010 నవంబర్ దాకా పట్టింది. దాదాపు మూడేళ్లు ఆగగలిగిన డబ్బుకు అది కాలం గడపడం మాత్రమే, ఆగలేని డబ్బుకు అది నష్టం. ఐదేళ్లు అని నేను అంటున్నది అందుకే.

ఇక్కడ చిన్న మొత్తాలవాళ్లను ఎక్కువగా దెబ్బ కొట్టేది మార్కెట్ కాదు, బ్యాంకు చార్జీ. నెలనెలా ఫండ్‌లో ఒకే మొత్తం వేసే సిప్‌కు ఆటో డెబిట్ పెట్టి, ఆ తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే ఫండ్ కంపెనీ ఏమీ అనదు, కానీ ఆ ఆటో డెబిట్ వెనక్కి వచ్చినందుకు మీ బ్యాంకు చార్జీ వేస్తుంది. చాలా బ్యాంకుల్లో అది 250 నుంచి 500, పైన 18 శాతం జీఎస్టీ. 250 అనుకున్నా 295 అవుతుంది. ఐదొందల సిప్ ఒక్కసారి తప్పితే 295! పోస్టాఫీసులో అదే ఐదొందల ఆర్‌డీ తప్పితే ఐదు రూపాయలు. వరుసగా మూడు నెలలు ఫెయిలైతే సిప్ దానంతటదే రద్దవుతుంది కూడా, అప్పటికి మూడు చార్జీలు పడి ఉంటాయి. స్టేట్‌మెంట్‌లో `NACH` లేదా `ECS` పక్కన `RTN` అని కనిపిస్తే జరిగింది ఇదే. కాబట్టి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మొదలయ్యే వరకు ఆటో డెబిట్ పెట్టకండి. నాన్న డబ్బు వేసిన రోజు సాయంత్రం మీరే యూపీఐతో వందో రెండొందలో ఒకసారి కొనుగోలు కింద వేయండి. సిప్ అన్న పేరు లేకపోయినా పని అదే.

బంగారం గురించి రెండు మాటలు, ఎందుకంటే ప్రొద్దుటూరు పక్కన పుట్టిన మనకు ఆ ఆలోచన రాకుండా ఉండదు. నగ అయితే తరుగు, మజూరీ పోతుంది కాబట్టి పెట్టుబడి లెక్కలోకి రాదు. పది రూపాయలకు కూడా కొనొచ్చని యాప్‌లలో చూపించే డిజిటల్ గోల్డ్‌కు కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ, కొనే ధరకు అమ్మే ధరకు మధ్య తేడా వేరే, పైగా అది తన నియంత్రణలో లేదని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2025 నవంబర్‌లో హెచ్చరించింది. బంగారమే కావాలంటే గోల్డ్ ఈటీఎఫ్‌లో పెట్టే మ్యూచువల్ ఫండ్ ఉంది, ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి అసలు పోకండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లెక్కలు తీసి సెబీ చెప్పింది, సొంతంగా ట్రేడ్ చేసేవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు, ఖర్చులతో కలిపి తలా సగటున రెండు లక్షలు. విడి షేర్లు కొనడం దాని అంత ప్రమాదం కాదు గానీ, ఐదొందల షేరు అమ్మిన ప్రతిసారీ పది పదిహేను రూపాయలో ఇంకొంచెమో డీపీ చార్జీ పోతుంది, అంటే అక్కడికక్కడే రెండు మూడు శాతం. బంధువుల్లో బీమా ఏజెంటు ఉంటే పాలసీ తీసుకోమని అడుగుతారు, మీ సంపాదన మీద ఎవరూ ఆధారపడి లేనప్పుడు అది మీకు అక్కర్లేదు. రెండు మూడేళ్లు కట్టి ఆపేస్తే కట్టినదంతా తిరిగి రాదు.

ఒక అమ్మాయి లెక్క మొదటి నుంచి చివరి దాకా

కళ్యాణదుర్గం నుంచి వచ్చి అనంతపురంలో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్న అమ్మాయిని తీసుకుందాం. హాస్టల్ ఫీజు ఇంట్లోవాళ్లే కడతారు, చేతి ఖర్చుకు నెలకు మూడు వేలు పంపుతారు. చాలా నెలల్లో ఐదొందలు మిగులుతాయి, పరీక్ష ఫీజుల నెలల్లో ఏమీ మిగలదు. పద్దెనిమిది నెలల తర్వాత ఫైనల్ ఇయర్ చివరి సెమిస్టర్‌లో బెంగళూరులో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, స్టైపెండ్ నెలకు 12,000, పీజీ హాస్టల్లో ఉండటానికి తినడానికి, బస్సు చార్జీలకు తొమ్మిది వేలు పోయి మూడు వేలు మిగులుతాయి.

మొదటి పద్దెనిమిది నెలల్లో మూడు నెలలు కట్టలేదనుకుంటే పదిహేను నెలలు. ప్రతి ఐదొందల్లో నాలుగొందలు లిక్విడ్ ఫండ్‌లోకి, వంద ఇండెక్స్ ఫండ్‌లోకి. ఆ వంద డబ్బు సంపాదించడానికి కాదు, మార్కెట్ పడినప్పుడు తన కడుపులో ఏమవుతుందో తెలుసుకోవడానికి. వంద రూపాయల దగ్గర తట్టుకోలేనివాళ్లు పదివేల దగ్గర తట్టుకోలేరు, ఆ సంగతి తక్కువ ఖర్చుతో ముందే తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్ ఆరు నెలల్లో నెలకు రెండు వేలు లిక్విడ్‌లో, వెయ్యి ఇండెక్స్‌లో. ఇప్పుడు స్టైపెండ్ ఒక తేదీకి వస్తోంది కాబట్టి ఆటో డెబిట్ పెట్టుకోవచ్చు, అదీ స్టైపెండ్ పడే తేదీకి నాలుగైదు రోజుల తర్వాత.

కాలేజీ అయిపోయేసరికి లిక్విడ్‌లో కట్టింది 6,000, 12,000 కలిపి 18,000, వడ్డీతో దాదాపు 18,600. ఇండెక్స్‌లో కట్టింది 7,500. అదే నెలలో మార్కెట్ 30 శాతం పడిందనుకోండి, ఆ 7,500 కాస్తా 5,250 అవుతుంది. చూడ్డానికి బాధగానే ఉంటుంది, కానీ ఆమె దాన్ని ముట్టుకోదు. బెంగళూరులో కొత్త పీజీకి అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేవరకు తిండి ఖర్చు, అన్నీ 18,600లోంచి వస్తాయి. అదే మొత్తం 25,500 ఇండెక్స్‌లోనే పెట్టి ఉంటే అదే నెలలో 17,850 మిగిలేది, దాంట్లోంచే పడిన ధరకు అమ్ముకుని అడ్వాన్సు కట్టాల్సి వచ్చేది. మార్కెట్ తర్వాత కోలుకున్నా అమ్మేసిన యూనిట్లు తిరిగి రావు.

ఈ ప్లాన్‌లో ఆమెకు ఫండ్ల కంటే ఎక్కువ తెచ్చిపెట్టగలిగేది ఇంకొకటి ఉంది. కొన్ని కంపెనీలు స్టైపెండ్‌లో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పన్ను కింద, పట్టుకుని ఇస్తాయి. ఆరు నెలలకు 72,000 మీద అది 7,200. వేరే ఆదాయం లేని స్టూడెంట్‌కు అసలు పన్నే పడదు, కాబట్టి ఆ మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ రిటర్న్ ఫైల్ చేస్తేనే వస్తుంది. ఆదాయపు పన్ను సైట్‌లో `Form 26AS` తెరిస్తే ఎంత పట్టుకున్నారో కనిపిస్తుంది. జనవరి నుంచి జూన్ దాకా చేసిన ఇంటర్న్‌షిప్ రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి వస్తుంది కాబట్టి మార్చి వరకు పట్టుకున్నదానికి ఒక రిటర్న్, ఏప్రిల్ నుంచి పట్టుకున్నదానికి మరుసటి ఏడాది ఇంకో రిటర్న్ వేయాలి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పాన్ ఇవ్వకపోతే 10 బదులు 20 శాతం పట్టుకుంటారు, ఆఫర్ లెటర్ రాకముందే పాన్ చేతిలో ఉండాలి.

పాన్‌కు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు, ఆదాయపు పన్ను సైట్‌లో `Instant e-PAN` ద్వారా ఆధార్ ఓటీపీతో ఉచితంగా వస్తుంది. ఇంటర్ చదివేవాళ్లకు ఆ వయసు నిండదు కాబట్టి అప్పటిదాకా బ్యాంకు ఆర్‌డీ సరిపోతుంది. ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ఉందో లేదో ముందు చూసుకోండి, ఊళ్లో చిన్నప్పుడు తీయించిన ఆధార్‌లో నాన్న పాత నంబరు ఉంటుంది చాలామందికి. మన పేర్లతో ఇంకో తంటా ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే ఫండ్ కేవైసీ దగ్గర ఆగిపోతుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ముందు ఆధార్ మార్పించి, ఆ తర్వాతే పాన్ తీసుకుని, బ్యాంకులో ఆ రెండూ ఇచ్చి పేరు సరిచేయించుకోండి. ఈ వరుస తిరగేస్తే పాన్ మళ్లీ మార్చాల్సి వస్తుంది. కేవైసీ అయ్యాక స్టేటస్ `Validated` అని ఉంటే ఏ ఫండ్ కంపెనీలోనైనా కొనొచ్చు, `On Hold` అని ఉంటే చాలాసార్లు ఫోన్ నంబరో ఈమెయిలో ధ్రువీకరించకపోవడమే కారణం. ఆధార్ మార్పుకు మనిషి వెళ్లాల్సి రావచ్చు, సెమిస్టర్ మధ్యలో కుదరదు, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ ఒరిజినల్ చేతిలో పట్టుకుని మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆధార్ సెంటర్‌కు వెళ్లి రండి.